శాతం ఒక్కటే చూస్తే చాలదు: యాంజియోగ్రామ్ రిపోర్టును నాళం నాళంగా చదవడం ఎలా?

యాంజియోగ్రామ్ పూర్తయిన కాసేపటికి పేషెంటు బంధువుల చేతికి ఒక కాగితం వస్తుంది. ఆ కాగితంలో అందరి కళ్లూ ముందు వెతికేది అంకెలనే. "ఒకటి తొంభై శాతమట, ఇంకోటి అరవై అట" అని ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి చెబుతారు. అవతలి నుంచి వెంటనే వచ్చే ప్రశ్న: "స్టెంటు వేస్తారా, బైపాస్ అంటున్నారా?" శాతానికీ ఆ ప్రశ్నకూ మధ్య రిపోర్టులో మరికొన్ని మాటలుంటాయి. ఏ నాళం, అందులో ఏ భాగం, నాళం ఎంత లావు, దాని అవతల రక్తం ఎలా పారుతోంది అన్నవి. స్టెంటా, బైపాసా, మందులు చాలా అన్నది తేలేది ఆ మాటలతోనే.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ ఒక పరీక్ష చేస్తుండగా, బృహద్ధమనిలోకి పోవాల్సిన రంగుమందు అనుకోకుండా నేరుగా కుడి కరోనరీ ధమనిలోకి వెళ్లింది. గుండె కాసేపు ఆగి మళ్లీ కొట్టుకుంది, పేషెంటు బతికాడు. గుండెకు రక్తం అందించే నాళాలను ఒక్కొక్కటిగా ఎక్స్‌రే సినిమాలో చూడవచ్చని ఆ రోజు తెలిసింది. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లోని క్యాథ్ ల్యాబుల్లో జరిగేదీ ప్రాథమికంగా అదే. మణికట్టు నుంచో తొడ దగ్గర నుంచో సన్నని గొట్టం పంపి, రంగుమందు వదిలి, రకరకాల కోణాల్లో సినిమా తీస్తారు. రిపోర్టు ఆ సినిమాను మాటల్లో పెట్టిన రూపం.

ఒక నమూనా రిపోర్టు

అర్థం చేసుకోవడానికి ఈ వ్యాసం కోసం రాసిన ఒక నమూనా చూద్దాం. పేషెంటుకు 58 ఏళ్లు, చాలా కాలంగా షుగరు ఉంది. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. మూడు నెలలుగా మందులు వాడుతున్నా నొప్పి పూర్తిగా పోలేదు. ఎకోలో గుండె పంపింగ్ 55 శాతం, అంటే బాగానే ఉంది. రిపోర్టు ఇలా ఉంటుంది:

ఎల్ఎంసీఏ: నార్మల్. ఎల్ఏడీ, ఎల్‌సీఎక్స్‌లుగా చీలుతోంది.

ఎల్ఏడీ: టైప్ 3 నాళం. డీ1 తర్వాత మధ్య భాగంలో 60 శాతం పూడిక. టిమి 3 ప్రవాహం. డీ1 మొదట్లో 40 శాతం.

ఎల్‌సీఎక్స్: నాన్ డామినెంట్. స్వల్ప ప్లాక్. ఓఎం1 సన్నని నాళం, 80 శాతం పూడిక.

ఆర్‌సీఏ: డామినెంట్. మధ్య భాగంలో 90 శాతం పూడిక. టిమి 3 ప్రవాహం. పీడీఏ, పీఎల్‌వీ నార్మల్.

ఇంప్రెషన్: ట్రిపుల్ వెసెల్ డిసీజ్.

సూచన: సీఏబీజీ.

సీఏబీజీ అంటే బైపాస్ ఆపరేషన్. చూడగానే అంతా సవ్యంగానే ఉన్నట్టుంది. మూడు నాళాల్లో పూడిక, షుగరు పేషెంటు, కాబట్టి బైపాస్. కానీ పై లైన్లు అన్నీ కలిసి కింది రెండు లైన్లను నిజంగా సమర్థిస్తున్నాయా? అది తేలాలంటే ఒక్కో నాళం దగ్గర ఆగాలి.

నాళాల వరుస

గుండె కండరానికి రక్తం తెచ్చేవి ప్రధానంగా రెండు ధమనులు. ఎడమవైపు మొదలయ్యేది లెఫ్ట్ మెయిన్, రిపోర్టులో ఎల్ఎంసీఏ. అది కొద్ది దూరం పోగానే రెండుగా చీలుతుంది. గుండె ముందు భాగం మీదుగా కొన వరకు దిగేది ఎల్ఏడీ, ఎడమ పక్కగా వెనక్కి తిరిగేది ఎల్‌సీఎక్స్. కుడివైపు విడిగా మొదలయ్యేది ఆర్‌సీఏ. మంచి రిపోర్టు ఎప్పుడూ ఇదే వరుసలో నడుస్తుంది. నాళం బాగున్నా సరే 'నార్మల్' అని రాస్తారు. ఒక నాళం పేరు అసలు కనిపించకపోతే అది బాగుందో, రాయడం మరిచారో చదివేవారికి తెలియదు.

ఎల్ఏడీ నుంచి పక్కకు పోయే కొమ్మలు డయాగనల్స్, అంటే డీ1, డీ2. ఎల్‌సీఎక్స్ కొమ్మలు ఓఎం1, ఓఎం2. ఆర్‌సీఏ చివర వచ్చేవి పీడీఏ, పీఎల్‌వీ. 'సింగిల్ వెసెల్', 'డబుల్ వెసెల్', 'ట్రిపుల్ వెసెల్' అనే లెక్కలో కొమ్మలను వాటి తల్లి నాళంతోనే కలుపుతారు. ఎల్ఏడీలో రెండు చోట్ల, డీ1లో ఒక చోట పూడిక ఉంటే ఇంట్లోవాళ్లు "మూడు బ్లాకులు" అంటారు. రిపోర్టు మాత్రం దాన్ని సింగిల్ వెసెల్ డిసీజ్ అంటుంది. రెండూ నిజమే, లెక్కించేది వేరు.

నాళం పేరు తర్వాత ముఖ్యమైన మాట భాగం: ప్రాక్సిమల్, మిడ్, డిస్టల్. అంటే మొదలు, మధ్య, చివర. చెరువు కాలువలో తూము దగ్గరే అడ్డం పడితే ఆయకట్టంతా ఎండుతుంది, చివర పడితే ఆఖరి మడులకే నీరు తగ్గుతుంది. గుండె నాళాల్లోనూ అంతే. ఎడమ జఠరిక కండరంలో దాదాపు సగానికి రక్తం పోసేది ఎల్ఏడీ. దాని మొదట్లో 80 శాతం పూడికకూ, కొన దగ్గర 80 శాతం పూడికకూ పోలిక లేదు. అందుకే "ఎల్ఏడీ 80 శాతం" అని మాత్రమే రాసిన రిపోర్టు సగం చెప్పినట్టే. నమూనాలోని 'టైప్ 3' అనే మాట ఆ ఎల్ఏడీ గుండె కొనను చుట్టి వెనకకూ వెళ్లే పొడవైన నాళమని చెబుతుంది. నాళాల్లో ఇదో సహజమైన తేడా, జబ్బు పేరు కాదు.

'డామినెంట్' అన్న మాట చూసి కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. గుండె కింది భాగానికి వెళ్లే పీడీఏ ఏ నాళం నుంచి వస్తే ఆ నాళం డామినెంట్. 100 మందిలో 80 మందికి పైగా అది ఆర్‌సీఏనే. మిగతావారిలో కొందరికి ఎల్‌సీఎక్స్ నుంచి వస్తుంది. ఇది కూడా జబ్బు కాదు, కానీ లెక్కలోకి వస్తుంది. నమూనా పేషెంటు ఆర్‌సీఏ డామినెంట్ కాబట్టి అందులోని 90 శాతం పూడిక పెద్ద ప్రాంతానికి సంబంధించినది. అదే పూడిక నాన్ డామినెంట్ ఆర్‌సీఏలో ఉంటే దాని ప్రాముఖ్యం బాగా తగ్గిపోయేది.

శాతం అంటే దేనిలో శాతం?

పక్కనే బాగున్న భాగంతో పోల్చి, నాళం వెడల్పు ఎంత తగ్గిందో చెప్పేదే ఈ శాతం. బాగున్న చోట నాళం 3 మిల్లీమీటర్లు ఉండి, పూడిక దగ్గర 0.9 మిల్లీమీటర్లే మిగిలితే, అది 70 శాతం పూడిక. ఇది వ్యాసం లెక్క. రక్తం పోయే దారి వైశాల్యం దీనికన్నా ఎక్కువ తగ్గుతుంది. వ్యాసంలో 50 శాతం తగ్గితే వైశాల్యంలో 75 శాతం పోయినట్టు. వ్యాసంలో 70 శాతం అంటే వైశాల్యంలో 91 శాతం.

సాధారణంగా ప్రధాన నాళాల్లో 70 శాతం, లెఫ్ట్ మెయిన్‌లో 50 శాతం దాటితే ఆ పూడికను ముఖ్యమైనదిగా లెక్కిస్తారు. లెఫ్ట్ మెయిన్‌కు గీత కిందికి ఎందుకు దిగిందో ఇప్పటికే తెలిసిపోతుంది. ఎల్ఏడీ, ఎల్‌సీఎక్స్ రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. ఇక 70 అనే గీత వెనక ఒక పాత ప్రయోగం ఉంది. 1974లో లాన్స్ గౌల్డ్ బృందం కుక్కల కరోనరీ నాళాలను కొద్దికొద్దిగా బిగిస్తూ రక్తప్రవాహాన్ని కొలిచింది. విశ్రాంతిలో ఉన్నప్పుడు ప్రవాహం దాదాపు 85 శాతం బిగిసేదాకా తగ్గలేదు. కానీ గుండెకు ఎక్కువ రక్తం కావాల్సినప్పుడు అందాల్సిన గరిష్ఠ ప్రవాహం సుమారు 50 శాతం దగ్గరి నుంచే తగ్గడం మొదలైంది. కూర్చుంటే ఏమీ లేనివారికి మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం ఇందుకే.

ఈ అంకెను చాలాచోట్ల డాక్టరు తెర మీద చూసి, కంటితోనే అంచనా వేస్తారు. ఒకే సినిమాను ఇద్దరు అనుభవజ్ఞులు చూస్తే ఒకరు 60 అనవచ్చు, మరొకరు 70 అనవచ్చు. రెండు నాళాలు ఒకదానిమీద ఒకటి పడిన కోణంలో పూడిక కనిపించకపోవచ్చు, వంపు తిరిగిన చోట లేనిది ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే ప్రతి పూడికనూ కనీసం రెండు వేర్వేరు కోణాల్లో చూడాలి. ఆర్‌సీఏ ముఖద్వారం దగ్గర గొట్టం తగిలి నాళం బిగుసుకుపోతే అది కూడా పూడికలాగే ఉంటుంది. అనుమానం వస్తే నాళంలోకి నైట్రోగ్లిజరిన్ ఇచ్చి మళ్లీ సినిమా తీస్తారు. బిగువు అయితే విడిపోతుంది, పూడిక అయితే ఉండిపోతుంది.

షుగరు పేషెంట్లలో ఇంకో చిక్కుంది. నాళం మొత్తం సన్నగా, పొడవునా పాడైతే పోల్చడానికి బాగున్న భాగమే దొరకదు. అప్పుడు శాతం తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అలాంటి చోట 'డిఫ్యూజ్ డిసీజ్' అని రాయాలి. ఆ మాట స్టెంటు వేసేవారికీ, బైపాస్ చేసే సర్జన్‌కీ శాతం కన్నా ఎక్కువ చెబుతుంది. కొత్త నాళాన్ని కుట్టడానికి చోటుందా లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

'టిమి' పూడిక అవతల రక్తం పారే తీరుకు ఇచ్చే గ్రేడు. 3 అంటే మామూలుగా పారుతోంది, 0 అంటే అసలు పోవడం లేదు. నమూనా పేషెంటుకు 90 శాతం పూడిక దగ్గర కూడా టిమి 3 ఉంది. అతను నింపాదిగా కూర్చుని మాట్లాడగలగడానికి కారణం అదే.

అరవై శాతం దగ్గర అసలు చిక్కు

నమూనా రిపోర్టును తేల్చేది ఎల్ఏడీలోని 60 శాతం. 90 శాతం గురించి పెద్దగా వాదన ఉండదు, 30 శాతం గురించీ ఉండదు. మధ్యలో ఉన్నవాటిని కంటితో తేల్చలేం. ఫేమ్ అనే పెద్ద అధ్యయనంలో దీన్ని కొలిచి చూశారు. కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన పూడికల్లో నిజంగా రక్తప్రవాహాన్ని అడ్డుకుంటున్నవి 35 శాతమే. 71 నుంచి 90 శాతం మధ్య ఉన్నవాటిలో 80 శాతం అడ్డుకుంటున్నాయి. ఇంకా ముఖ్యమైనది, సినిమాలో ట్రిపుల్ వెసెల్ డిసీజ్‌గా కనిపించినవారిలో కొలిచి చూశాక మూడు నాళాలూ నిజంగా అడ్డుపడినవారు 14 శాతం మాత్రమే.

కొలిచే పద్ధతి పేరు ఎఫ్ఎఫ్ఆర్. కొన దగ్గర పీడనాన్ని కొలిచే సన్నని తీగను పూడిక అవతలికి పంపి, అడినోసిన్ మందుతో రక్తప్రవాహాన్ని గరిష్ఠానికి పెంచి, పూడిక అవతలి పీడనాన్ని బృహద్ధమని పీడనంతో భాగిస్తారు. 0.80, అంతకన్నా తక్కువ వస్తే ఆ పూడిక ప్రవాహాన్ని అడ్డుకుంటున్నట్టు లెక్క.

నమూనా పేషెంటుకు ఎల్ఏడీలో ఇది చేశారనుకుందాం. బృహద్ధమనిలో సగటు పీడనం 90, పూడిక అవతల 76 వస్తే ఎఫ్ఎఫ్ఆర్ 0.84. అంటే ఆ 60 శాతం పూడిక ప్రస్తుతం గుండెను ఇబ్బంది పెట్టడం లేదు. ఇప్పుడు కింది రెండు లైన్లు మారిపోతాయి. ఓఎం1లో 80 శాతం ఉన్నా అది 2 మిల్లీమీటర్లకు లోపు సన్నని కొమ్మ. అందులో స్టెంటు నిలవదు, బైపాస్ కుట్టడమూ కష్టం, అది పోసే ప్రాంతమూ చిన్నది. చివరికి గట్టిగా మిగిలేది ఆర్‌సీఏ ఒక్కటే. అప్పుడు ఇంప్రెషన్ ఇలా ఉండాలి: 'ఆర్‌సీఏ మధ్య భాగంలో ముఖ్యమైన పూడిక. ఎల్ఏడీలో మధ్యస్థ పూడిక, ఎఫ్ఎఫ్ఆర్ 0.84. ఓఎం1 సన్నని నాళంలో పూడిక.' సూచన: 'మందులు కొనసాగించాలి. మందులు వాడుతున్నా నొప్పి ఉన్నందున ఆర్‌సీఏకి యాంజియోప్లాస్టీ. ఎల్ఏడీ, ఓఎం1కి మందులు.'

అవతల పీడనం 65 వచ్చిందనుకుందాం. ఎఫ్ఎఫ్ఆర్ 0.72. ఇప్పుడు ఎల్ఏడీ, ఆర్‌సీఏ రెండూ నిజంగా అడ్డుపడ్డాయి, పైగా షుగరు. 2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనంలో ఒకటి కంటే ఎక్కువ నాళాలు దెబ్బతిన్న 1,900 మంది షుగరు పేషెంట్లను స్టెంటు, బైపాస్ వర్గాలుగా విడదీసి చూశారు. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి స్టెంటు వర్గంలో 26.6 శాతం మందికి, బైపాస్ వర్గంలో 18.7 శాతం మందికి వచ్చాయి. పక్షవాతం ఒక్కటే బైపాస్ వర్గంలో ఎక్కువ. ఈ లెక్క ప్రకారం నమూనా పేషెంటుకు సూచన 'హార్ట్ టీమ్ చర్చ, బైపాస్‌కు మొగ్గు' అవుతుంది. కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి సినిమా చూసి తేల్చడమే హార్ట్ టీమ్ చర్చ.

అదే సినిమా, అదే 60 శాతం. ఒక కొలత అతన్ని ఒక స్టెంటు వైపు పంపుతుంది, ఇంకో కొలత ఛాతీ తెరిచే ఆపరేషన్ వైపు పంపుతుంది. కాబట్టి మొదట చూసిన రిపోర్టులోని 'సీఏబీజీ' పూర్తిగా తప్పని అనలేం, కానీ పై లైన్లు దాన్ని ఇంకా సమర్థించలేదు. తీగ ఖర్చు వల్లో, సదుపాయం లేకో అన్ని క్యాథ్ ల్యాబుల్లో ఎఫ్ఎఫ్ఆర్ జరగదు. అప్పుడు స్ట్రెస్ థాలియం స్కాన్ లాంటి పరీక్షతో గుండెలో ఏ ప్రాంతానికి రక్తం తగ్గుతోందో చూసి, దాన్ని నాళంతో సరిపోల్చవచ్చు.

'సూచన' లైనులో ఉండాల్సినవి

చివరి లైను మూడు విధాలుగా ఉంటుంది: మందులు, యాంజియోప్లాస్టీ, బైపాస్. పూడిక ఉండి కూడా 'మెడికల్ మేనేజ్‌మెంట్' అని రాస్తే చాలామంది వదిలేశారని అనుకుంటారు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిని పరిశీలించింది. గుండెపోటు దశలో లేని, నిలకడగా ఉన్న ఆ పేషెంట్లలో మొదటే స్టెంటో బైపాసో చేసినందువల్ల, మంచి మందులతో మొదలుపెట్టినవారితో పోలిస్తే మరణాలూ గుండెపోట్లూ మొత్తం మీద తగ్గలేదు. ఛాతీనొప్పి మాత్రం బాగా తగ్గింది. లెఫ్ట్ మెయిన్‌లో 50 శాతం దాటిన పూడిక ఉన్నవారిని, పంపింగ్ బాగా పడిపోయినవారిని ఇందులో చేర్చలేదు. కాబట్టి వారికి ఈ ఫలితం వర్తించదు. నమూనా పేషెంటుకు ఆర్‌సీఏ స్టెంటు సూచించడానికి కారణంగా 'మందులు వాడుతున్నా నొప్పి' అని రాయడం అందుకే. సూచన పక్కన కారణం ఉండాలి.

గుండెపోటుతో వచ్చినవారి రిపోర్టు వేరు. అక్కడ ఒక నాళం 100 శాతం మూసుకుపోయి, టిమి 0 ఉండి, రక్తపు గడ్డ కనిపిస్తుంది. ఆ నాళాన్ని వెంటనే తెరవాలి, శాతాల చర్చకు వ్యవధి ఉండదు. అప్పుడు కూడా మిగతా నాళాల పరిస్థితిని విడిగా రాయాలి. తర్వాత చేయాల్సిన పని దాన్నిబట్టే ఉంటుంది.

మరో మాట 'స్వల్ప ప్లాక్' గురించి. యాంజియోగ్రామ్ చూపేది రక్తం పోయే దారినే, నాళం గోడను కాదు. గోడలో పేరుకున్న కొవ్వు దారిని పెద్దగా తగ్గించకుండానే ఒకరోజు చిట్లి గడ్డ కట్టవచ్చు. గుండెపోటు వచ్చిన చోట అంతకుముందు తీసిన యాంజియోగ్రామ్‌లో సగం కన్నా తక్కువ పూడికే ఉన్న సందర్భాలు ఎన్నో నమోదయ్యాయి. అందువల్ల 30 శాతం అని రాసిన రిపోర్టు చూసి కొలెస్ట్రాల్ మాత్ర మానేయకూడదు. 'నార్మల్', 'స్వల్ప ప్లాక్' ఒకటి కావు.

ఇంటికి వెళ్లే ముందు

నొప్పి నిలకడగా ఉన్న పేషెంటుకు సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఆ సమయంలో డాక్టరు గారిని కొన్ని విషయాలు అడగవచ్చు. ఈ పూడిక నాళంలో ఏ భాగంలో ఉంది? మధ్యస్థంగా ఉన్నదాన్ని కొలిచారా, లేక కంటి అంచనాయేనా? స్టెంటు లేదా బైపాస్ వల్ల తగ్గేది నొప్పా, ప్రాణాపాయమా? మందులతో కొన్నాళ్లు చూస్తే నష్టమేమిటి? రిపోర్టు సరిగా రాసి ఉంటే వీటికి జవాబులు అందులోనే దొరుకుతాయి.

రిపోర్టుతో పాటు యాంజియోగ్రామ్ సీడీనో పెన్‌డ్రైవ్‌నో తప్పక అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయం చెప్పే డాక్టరుకు కాగితం మీది శాతాలు సరిపోవు, సినిమా కావాలి. దానితో పాటు ఎకో రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, షుగరు, క్రియాటినిన్ ఫలితాలు ఒకే ఫైలులో పెట్టండి. మూడేళ్ల తర్వాత మళ్లీ నొప్పి వచ్చి ఇంకో యాంజియోగ్రామ్ చేయాల్సి వస్తే, పాత సినిమాతో పోల్చి చూసినప్పుడే పూడిక పెరిగిందో లేదో డాక్టరు గట్టిగా చెప్పగలరు.